కాలిన శాతం, మొదటి రోజు ఫ్లూయిడ్: బర్న్స్ లెక్క తప్పకుండా ఎలా వేయాలి

బర్న్స్ మీద ప్రశ్న వస్తే చాలామంది నేరుగా ఫార్ములా మీదకి దూకుతారు. నాలుగు ఇంటూ బరువు ఇంటూ శాతం, సగం ఎనిమిది గంటల్లో, మిగతా సగం పదహారు గంటల్లో, అయిపోయింది. ఆ గుణకారం ఐదో తరగతి పిల్లాడు కూడా చేస్తాడు. మార్కులు పోయేది అక్కడ కాదు. వార్డులో పేషెంటుకి తేడా వచ్చేదీ అక్కడ కాదు. తప్పులు రెండు చోట్ల జరుగుతాయి: శాతం లెక్కపెట్టడంలో ఒకటి, గడియారం ఎప్పటినుంచి మొదలైందో చూసుకోవడంలో ఇంకొకటి. ఫైనల్ ఇయర్ వాళ్లు, నర్సింగ్ స్టూడెంట్లు, కొత్తగా క్యాజువాలిటీలో డ్యూటీ పడిన ఇంటర్న్‌లు, మీకోసమే ఇది. ఒకే కేసు తీసుకుని మొదటి నుంచి చివరిదాకా వేద్దాం.

కేసు ఇదీ. ముప్పై రెండేళ్ల మహిళ, బరువు 50 కిలోలు. ఉదయం 7 గంటలకు స్టవ్ దగ్గర సింథటిక్ చీర కొంగుకి మంట అంటుకుంది. 8 గంటలకు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు, అక్కడ రింగర్ లాక్టేట్ 500 మి.లీ. బాటిళ్లు రెండు ఎక్కించి పంపారు. మీ దగ్గరికి వచ్చేసరికి 11 అయింది. ఛాతీ, పొట్ట ముందు భాగమంతా బొబ్బలు. కుడి చెయ్యి చుట్టూ కాలింది. ఎడమ చెయ్యి ముందు వైపు మాత్రమే. కుడి తొడ ముందు భాగం. మొహం, మెడ ఎర్రగా ఉన్నాయి, బొబ్బలు లేవు.

ముందు గొంతు వినండి, తర్వాత కాలిక్యులేటర్

పేరు అడగండి. గొంతు బొంగురుపోయిందా, ముక్కులో వెంట్రుకలు మాడాయా, కఫంలో మసి ఉందా చూడండి. మూసిన గదిలో మంట అంటే ఇంకా జాగ్రత్త. ఇవి ఉంటే ముందు మత్తు డాక్టర్‌ని పిలవాలి, ఎందుకంటే ఫ్లూయిడ్ ఎక్కేకొద్దీ గొంతు లోపలి వాపు కూడా పెరుగుతుంది, రెండు గంటల తర్వాత ట్యూబ్ వేద్దామంటే దారి దొరకదు. మన కేసులో గొంతు మామూలుగానే ఉంది అనుకుందాం.

కడిగాకే లెక్కపెట్టండి

మన దగ్గర పేషెంటు ఉత్త గాయంతో రాదు. ఇంకు పోసుకుని వస్తారు, టూత్‌పేస్ట్ రాసుకుని వస్తారు, కోడిగుడ్డు సొన, పసుపు, ఒక్కోసారి అన్నీ కలిపి. దానికి తోడు తెల్లటి ఆయింట్‌మెంట్ మందంగా పూసి పంపితే కింద ఏముందో దేవుడికే తెలియాలి. అలా పైనుంచి చూసి శాతం వేస్తే అది కాలిన శాతం కాదు, పూసిన శాతం. గోరువెచ్చని సెలైన్‌తో కడిగి, మసి తుడిచి, వీపు కూడా తిప్పి చూసి, అప్పుడు వేయండి. కడిగేటప్పుడు ఒళ్లు చల్లబడిపోకుండా చూసుకోండి, పెద్ద బర్న్ ఉన్న పేషెంటు వేడి చాలా తొందరగా కోల్పోతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువమంది పడే గొయ్యి: ఎర్రగా ఉన్న చోటు లెక్కలోకి రాదు. బొబ్బ లేకుండా ఎర్రగా, ముట్టుకుంటే మంటగా ఉంటే అది ఎండకి కమిలినట్టే. అక్కడ చర్మం పై పొర మాత్రమే దెబ్బతింది, నీరు కారిపోయేంత నష్టం లేదు. బొబ్బలు వచ్చినవి, బొబ్బ ఊడి గులాబీ రంగులో తడిగా ఉన్నవి, తెల్లగానో గోధుమ రంగులోనో తోలులా గట్టిపడి గుచ్చినా నొప్పి తెలియనివి, ఇవే లెక్క. ప్రశ్నలో ఎక్కడో ఒక మూల "మొహం ఎర్రబారింది" అని రాశారంటే అది మీకోసం పెట్టిన ఉచ్చు అని అర్థం. మన కేసులో మొహం, మెడ సున్నా. కాకపోతే ఇవాళ ఎర్రగా ఉన్నది రేపటికి బొబ్బ కట్టొచ్చు, అందుకే వార్డులో మర్నాడు మళ్లీ లెక్కపెడతారు.

తొమ్మిదుల లెక్క, దానికో తాళం

పెద్దవాళ్లకి తొమ్మిదుల రూల్ అందరికీ తెలిసిందే: తల, మెడ కలిపి 9, ఒక్కో చెయ్యి 9, మొండెం ముందు 18, వెనక 18, ఒక్కో కాలు 18, మర్మావయవాల దగ్గర 1. ఇందులో మరిచిపోయేది ఏంటంటే చేతికిచ్చిన 9 చుట్టూ కలిపి. ముందు వైపు మాత్రమే కాలితే నాలుగున్నర. కాలు కూడా అంతే, ముందు 9, వెనక 9, అందులో తొడ ముందు భాగం ఒక్కటే అయితే దాదాపు సగం, నాలుగున్నర వేసుకోవచ్చు.

మన కేసు: మొండెం ముందు 18, కుడి చెయ్యి 9, ఎడమ చెయ్యి ముందు 4.5, కుడి తొడ ముందు 4.5. మొత్తం 36.

ఇక్కడ ఆగి ఒక్క నిమిషం ఖర్చు పెట్టండి. కాలనిది కూడా విడిగా లెక్కపెట్టండి. తల 9, వీపు 18, ఎడమ చెయ్యి వెనక 4.5, కుడి కాలులో మిగిలింది 13.5, ఎడమ కాలు 18, మిగతా 1. మొత్తం 64. రెండూ కలిపితే 100 రావాలి, వచ్చింది. నిజం చెప్పాలంటే ఈ ఒక్క అలవాటు నన్ను చాలాసార్లు కాపాడింది, ఎందుకంటే కాలిన ఒంటిని చూస్తే కళ్లు పెద్దగానే చూస్తాయి, ఎవరు వేసినా 36 బదులు 45 అని వేస్తారు. చిన్న బర్న్‌లను ఎక్కువగా అంచనా వేయడం ఈ పనిలో పాత జబ్బే. అదే ఒళ్లంతా కాలినప్పుడైతే కాలని చోటే లెక్కపెట్టి వందలోంచి తీసేయడం తేలిక.

అక్కడక్కడా చెదురుమదురుగా కాలితే అరచేయి లెక్క. వేళ్లతో సహా అరచేయి ఒక శాతం. అరచేయి ఎవరిది? పేషెంటుది, మీది కాదు. చిన్నపిల్లాడి ఒంటి మీద మీ చెయ్యి పెట్టి కొలిస్తే ఇక చెప్పేదేముంది. వేళ్లు తీసేస్తే సుమారు అర శాతమే. బాగా లావుగా ఉన్నవాళ్లలో తొమ్మిదుల రూల్ కాస్త తడబడుతుంది, మొండెం వాటా ఎక్కువ, చేతుల వాటా తక్కువ అవుతుంది.

గడియారం

నేను ఇంటర్న్‌గా ఉన్నప్పుడు చేసిన మొదటి బర్న్స్ లెక్క ఇక్కడే తప్పింది. పేషెంటు వచ్చిన టైమ్ నుంచి ఎనిమిది గంటలు వేసి, నీట్‌గా షీట్ రాసి, సీనియర్ అక్కకి చూపించాను. ఆవిడ షీట్ కూడా చదవలేదు, టైమ్ చూసి అడిగింది: "తమ్ముడూ, ఒళ్లు కాలింది ఎప్పుడు? నువ్వు కేస్ షీట్ తెరిచింది ఎప్పుడు?" అంతే, మొత్తం కొట్టేసి మళ్లీ రాశాను.

గడియారం కాలిన క్షణం నుంచి మొదలవుతుంది. ఎందుకో తెలిస్తే ఇక మరిచిపోరు. కాలిన వెంటనే సన్న రక్తనాళాల గోడలు నీళ్లు పట్టలేని గుడ్డలా తయారవుతాయి, రక్తంలోని నీరు, ఉప్పు, ప్రొటీన్ బయటి కణజాలంలోకి కారిపోతాయి. ఈ కారడం మొదటి గంటల్లో చాలా ఎక్కువ, తర్వాత నెమ్మదిగా తగ్గుతూ ఒక రోజు పాటు నడుస్తుంది. ఆ కారడానికి మీ క్యాజువాలిటీ రిజిస్టర్‌తో సంబంధం లేదు. మొదటి ఎనిమిది గంటల్లోనే సగం పెట్టడానికి కారణం కూడా ఇదే.

అమెరికాలో డాలస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రిలో చార్లెస్ బ్యాక్స్టర్ 1960ల్లో తేల్చిన ఫార్ములా ప్రకారం, 4 మి.లీ. × బరువు × శాతం, రింగర్ లాక్టేట్‌తో.

4 × 50 × 36 = 7200 మి.లీ., 24 గంటలకి.

అందులో సగం 3600 మి.లీ., ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 3 లోపు పోవాలి. ఇప్పుడు టైమ్ 11. నాలుగు గంటలే ఉన్నాయి. దారిలో వెయ్యి మి.లీ. ఎక్కింది, అది తీసేయాలి, ఇది మరిచిపోయినా మార్కు పోతుంది. మిగిలింది 2600. నాలుగు గంటలకి పంచితే గంటకి 650 మి.లీ. మూడు తర్వాత మిగతా 3600 పదహారు గంటలకి, అంటే గంటకి 225, మర్నాడు ఉదయం 7 దాకా. పేపర్ మీద జవాబు ఇదే.

కాగితం మీద 650 రాయడం వేరు, ఎక్కించడం వేరు. ఇరవై చుక్కలు ఒక మి.లీ. అయ్యే సెట్‌తో గంటకి 650 అంటే నిమిషానికి దాదాపు 217 చుక్కలు. ఎవరూ లెక్కపెట్టలేరు. అందుకే రెండు చేతులకీ లావుపాటి క్యాన్యులాలు వేసి రెండు లైన్లు నడుపుతారు, బాటిల్ మీద టైమ్ రాస్తారు. 500 మి.లీ. బాటిల్ 46 నిమిషాల్లో అయిపోవాలి అని చెబితే స్టాఫ్ సిస్టర్‌కి వెంటనే అర్థమవుతుంది, చుక్కల లెక్క చెబితే కాదు. తర్వాతి 225కి మాత్రం నిమిషానికి 75 చుక్కలు, అది కంటితో చూసుకోవచ్చు. సెట్ ప్యాకెట్ మీద మి.లీ.కి ఎన్ని చుక్కలో రాసుంటుంది, 15 ఉన్నవి కూడా దొరుకుతాయి, చూసుకోండి. కాలని చోట నరం దొరక్కపోతే కాలిన చర్మం గుండానైనా వేయాలి, ఆలస్యం చేయకూడదు.

నార్మల్ సెలైన్ ఎందుకు వద్దు అంటే, ఇన్ని లీటర్లు పోసినప్పుడు దాంట్లోని క్లోరైడ్ లోడ్ వల్ల రక్తం పులుపెక్కుతుంది. డెక్స్ట్రోజ్ అసలు వద్దు, కాలిన ఒంట్లో షుగర్ అప్పటికే పెరిగి ఉంటుంది, దాని మీద ఇదీ ఎక్కిస్తే మూత్రంలో షుగర్ దిగి నీళ్లని లాక్కొస్తుంది. యూరిన్ బ్రహ్మాండంగా వస్తోందని మీరు సంతోషపడుతుంటే లోపల పేషెంటు ఎండిపోతుంటుంది.

నాలుగా, రెండా?

ఇక్కడ చాలామంది కన్‌ఫ్యూజ్ అవుతారు. పార్క్‌లాండ్ అంటే 4. మాడిఫైడ్ బ్రూక్ అంటే 2. ట్రామా శిక్షణ కోర్సు ఏటీఎల్ఎస్ పదో ఎడిషన్ పెద్దవాళ్లకి మొదలుపెట్టడానికి 2, పిల్లలకి 3, కరెంటు బర్న్స్‌కి 4 అని చెప్తుంది. ప్రశ్నలో ఫార్ములా పేరు ఉంటే దాన్నే వాడండి, పేరు లేకుండా పాత పద్ధతిలో అడిగితే 4, ఏటీఎల్ఎస్ అని ప్రత్యేకంగా అంటే 2.

మన కేసుకి 2తో వేసి చూడండి. మొత్తం 3600, మొదటి సగం 1800, ఎక్కిన వెయ్యి తీస్తే 800, నాలుగు గంటలకి గంటకి 200. అక్కడ 650, ఇక్కడ 200! అదే పేషెంటు, అదే గాయం. ఇంత తేడా వస్తుంటే ఏ అంకె నిజం అని అడుగుతారు. రెండూ నిజం కాదు. ఫార్ములా చెప్పేది డ్రిప్ ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రమే. నా వరకైతే యూనిట్‌లో సీనియర్లు వాడే అంకెతో మొదలుపెట్టి, గంట తర్వాత యూరిన్ బ్యాగ్ ఏం చెబితే అది వింటాను. మీరు వార్డులో ఉంటే మీ యూనిట్ ప్రొటోకాల్ ప్రకారం నడవండి, సొంతంగా అంకె మార్చకండి.

యూరిన్ బ్యాగ్ మాట వినండి

క్యాథెటర్ వేసిన వెంటనే వచ్చేది పాత మూత్రం, అది రాసి పక్కన పెట్టేయండి. అక్కడినుంచి గంట గంటకీ. పెద్దవాళ్లకి కిలోకి గంటకి అర మి.లీ., మన పేషెంటుకి 25 మి.లీ. సుమారుగా 30 నుంచి 50 మధ్య ఉంటే హాయి.

650తో మొదలుపెట్టాం అనుకోండి. 12 గంటలకి 18 వచ్చింది. కంగారుపడి లీటరు బోలస్ ఇవ్వకండి, బీపీ పడిపోతే తప్ప. అప్పుడే మొదలైంది కాబట్టి ఇంకో గంట చూడొచ్చు, లేదా రేటు ఐదో వంతు పెంచొచ్చు. ఇంకో గంట చూశాం, 1 గంటకి 34. బాగుంది, అలాగే. 2 గంటలకి 70. ఇది "సూపర్" కాదు, ఎక్కువ పోస్తున్నామని అర్థం. ఐదో వంతు తగ్గిస్తే 520. ఫార్ములా మూడింటి దాకా 650 అంది కదా అని మొండిగా కూర్చోకండి. మూడు కాగానే 225కి దబ్బున దించేయడం కూడా అంతే మొండితనం, ఎనిమిదో గంట అయిందని రక్తనాళాలకి అలారం మోగదు. యూరిన్ చూస్తూ 520 నుంచి 400, 320, అలా మెట్లు దిగండి.

ఆలస్యంగా వచ్చిన కేసుల్లో ఇది ఇంకా ముఖ్యం. ఇదే పేషెంటు చుక్క సెలైన్ కూడా లేకుండా మధ్యాహ్నం 2కి వచ్చిందనుకోండి, పేపర్ మీద జవాబు ఒక్క గంటలో 3600. పరీక్షలో అదే రాయండి. వార్డులో మాత్రం అరవై ఏళ్ల గుండె జబ్బు మనిషికి అలా పోస్తే ఊపిరితిత్తులు నిండిపోతాయి. అక్కడ నాడి, బీపీ, యూరిన్, లాక్టేట్ చూసి నడిపించేది సీనియరే.

యూరిన్ తక్కువ వస్తోందని లాసిక్స్ కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. కొట్టొద్దు. మొదటి రోజు యూరిన్ తక్కువగా వస్తే దాదాపు ఎప్పుడూ నీళ్లు చాలక, కిడ్నీ మొరాయించి కాదు. పైగా లాసిక్స్ ఇచ్చాక బ్యాగ్‌లో కనిపించే అంకెకి అర్థమే ఉండదు, మీకున్న ఒక్క మీటర్ మీరే పాడుచేసుకున్నట్టు.

రెండో వైపు ప్రమాదం అతిగా పోయడం. రేటు పెంచుతూ పోతున్నా యూరిన్ తగ్గుతోంది, పొట్ట డోలులా బిగిసింది, వెంటిలేటర్ మీద ఉంటే ప్రెషర్లు పెరుగుతున్నాయి. అంటే లోపలి వాపు పొట్టలో ఒత్తిడి పెంచి కిడ్నీలని నొక్కేస్తోంది. ఇంకో లీటర్ పోస్తే ఇంకా బిగుస్తుంది. ఒక రోజులో కిలోకి 250 మి.లీ. దాటితే ఈ ముప్పు బాగా పెరుగుతుంది, అంటే మన పేషెంటుకి పన్నెండున్నర లీటర్లు. ఆ అంకె దాటాక కాదు, అటువైపు నడుస్తోందని తెలిసినప్పుడే చెప్పాలి. శాతం 36 బదులు 45 వేసినవాళ్లు ఇక్కడికి ముందుగా చేరతారు.

చిన్నపిల్లలైతే

ఏడాది పాప, 10 కిలోలు, టీ గిన్నె లాక్కుంది. మొహం, తల ముందు సగం, ఛాతీ పైభాగం. పెద్దవాళ్ల చార్టుతో వేస్తే తల సగం నాలుగున్నర, ఛాతీ 9, పదమూడున్నర. తప్పు. ఏడాది పిల్లల తల పెద్దది, 18 శాతం, కాళ్లు చిన్నవి, ఒక్కోటి సుమారు 14. కాబట్టి తల సగం 9, మొత్తం 18. ఏడాది దాటాక ఏటా తలకి ఒక శాతం తగ్గించి ఒక్కో కాలికి అర శాతం కలుపుతూ పోతే దాదాపు సరిపోతుంది. వార్డులో అయితే లండ్, బ్రౌడర్ చార్టు గోడకి అంటించి ఉంటుంది, అది చూసి వేయడమే నయం. పెద్దవాళ్లలో 15-20 శాతం దాటితే డ్రిప్ లెక్క వేస్తాం, పిల్లల్లో 10 దాటితే చాలు.

3 × 10 × 18 = 540 మి.లీ. దీంతోపాటు, దీనికి అదనంగా, రోజూ కావాల్సిన మెయింటెనెన్స్ ఇవ్వాలి, గంటకి 40 మి.లీ., అది డెక్స్ట్రోజ్ కలిసిన ఫ్లూయిడ్. ఇందాక డెక్స్ట్రోజ్ వద్దన్నాను కదా, పసిపిల్లల కాలేయంలో నిల్వ ఉన్న షుగర్ కొద్దిగానే, గంటల్లో అయిపోయి ఫిట్స్ వస్తాయి, అందుకే మెయింటెనెన్స్‌లో ఉండాలి, కాలిన లెక్క 540లో మాత్రం రింగర్ లాక్టేటే. యూరిన్ టార్గెట్ కిలోకి గంటకి ఒక మి.లీ., అంటే ఈ పాపకి 10.

కరెంటు షాక్ ప్రశ్న వస్తే చర్మం మీది శాతాన్ని నమ్మకండి. అరచేతిలో రూపాయి బిళ్లంత మచ్చ, మోచేతి లోపల కండ అంతా ఉడికిపోయి ఉండొచ్చు. మూత్రం కోలా రంగులో దిగితే పెద్దవాళ్లలో గంటకి 75 నుంచి 100 మి.లీ. వచ్చేలా, రంగు తేటపడేదాకా నడపాలి. అక్కడ ఫార్ములా కన్నా బ్యాగ్ రంగే ముందు చూడాలి.